పిల్లల మాటను తిరిగి చెప్పడం

అందరికీ నమస్కారం.

పిల్లలకు అబద్ధం రాదంటాం. వస్తుంది. 2002లో తల్వార్, లీ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, ముక్కు మీద ఎర్రటి మచ్చ పెట్టుకున్న పెద్దవాళ్లు ఫొటో దిగబోతూ "నేను బాగానే ఉన్నానా?" అని మూడు నుంచి ఏడేళ్ల పిల్లల్ని అడిగారు. చాలామంది బాగున్నారనే అన్నారు. ఆ మనిషి అటు వెళ్లాక మాత్రం అసలు సంగతి బయటపెట్టారు. అంటే మొహమాటం వాళ్లకూ తెలుసు. పెద్దవాళ్లు ఎప్పుడు మొహమాటపడుతున్నారో పసిగట్టలేరు, అంతే. నవ్వు పుట్టేది అక్కడే.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. సంక్రాంతికి మా పెద్దత్తయ్యగారు అరిసెలు పంపారు. వారం తర్వాత ఆవిడే వచ్చి, ఎలా ఉన్నాయమ్మా అని అడిగారు. నేను "భలే ఉన్నాయండీ, ఒక్కటీ మిగల్లేదు" అన్నాను. పక్కనే కూర్చుని కుక్కపిల్ల చెవులు లాగుతున్న మా నాలుగేళ్లవాడు తలెత్తాడు. "అమ్మా, టామీ కూడా తినలేదు కదా!"

ఇదే కథను మా ఆయన ఇలా మొదలుపెడతారు: "అరిసెలు రాళ్లలా ఉన్నాయి, కుక్కకు వేస్తే అదీ ముట్టలేదు..." ఇంకేం మిగిలింది? అరిసెలు గట్టివన్న సంగతి వాడి నోటే మొదటిసారి వినపడాలి. కుక్క మాత్రం ముందే వచ్చేయాలి, అదీ ఏదో మాటవరసకు వచ్చినట్టు. లేకపోతే టామీ ఎవరని ఎవరో ఒకరు అడుగుతారు, నవ్వు అక్కడే చస్తుంది.

మన వాక్యంలో ఇంకో చిక్కుంది. "అన్నాడు" చివర్లో వస్తుంది. "...తినలేదు కదా అని అన్నాడండీ వాడు" అంటే నవ్వాల్సిన చోటు దాటి నాలుగు మాటలు నడిచినట్టు. అందుకే ముందే "తలెత్తాడు" అనేసి, పిల్లాడి మాటతో ఆపేస్తాను.

ఆ మాటను వెక్కిరింపు గొంతుతో చెప్పకండి. వాడు నా అబద్ధం పట్టుకోలేదు. అమ్మ మరిచిపోయిందనుకుని గుర్తుచేశాడు. ఆ సాయంచేసే గొంతుతో చెబితే నవ్వు నా మీదికి వస్తుంది, రావాల్సిందీ నా మీదికే. పక్క తడిపిన కథలు, భయపడిన కథలు వేరు. వాటిలో నవ్వు పిల్లల మీద పడుతుంది కాబట్టి నేను వాటిని బయట చెప్పను. వాడికి ఊహ వచ్చాక ఈ అరిసెల కథ కూడా వాడు సరేనంటేనే చెబుతున్నాను.

ఇప్పుడు పెద్దత్తయ్యగారే ఈ కథ చెబుతారు. ఆవిడ మొదటి వాక్యం: "ఆ ఏడు పాకం ముదిరిపోయిందర్రా." గట్టి అరిసెల గుట్టు ముందే విప్పేశారు, ఇక చెడిందనుకున్నాను. కానీ ఆవిడ తర్వాత నా జవాబును నా గొంతుతోనే, మెల్లగా, సాగదీసి చెబుతారు. వాడు నోరు తెరవకముందే జనం నవ్వడం మొదలుపెడతారు.