చిరునామా నుంచి చుక్క దాకా: జియోకోడింగ్‌లో ఏ జవాబును నమ్మాలి

అందరికీ నమస్కారం.

చిరునామాల పట్టిక తీసుకుని, ఒక్కో చిరునామాకు అక్షాంశ రేఖాంశాలు కనుక్కోవడాన్ని జియోకోడింగ్ అంటాం. కంప్యూటర్‌కు ఇది నిమిషాల పని. జవాబు రాకపోతే పెద్ద టెన్షన్ లేదు, ఖాళీ గడి కనిపిస్తూనే ఉంటుంది. తప్పు జవాబు వస్తేనే చిక్కు. అది కూడా ఒప్పు జవాబు లాగే ఆరు దశాంశ స్థానాలతో, ఎంతో ధీమాగా కనిపిస్తుంది. అందుకని ఇవాళ చుక్క ఎలా తెప్పించాలనే దానికన్నా, వచ్చిన చుక్కను మ్యాపు మీద పెట్టే ముందు ఎలా నిలదీయాలనే దాని మీద ఎక్కువ మాట్లాడతాను.

మన నల్లగొండ జిల్లా ఉదాహరణే తీసుకుందాం. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో ఫ్లోరైడ్ సమస్య మీకు కొత్త కాదు. ఫ్లోరోసిస్ లక్షణాలతో వచ్చినవాళ్ల చిరునామాలు ఒక 400 ఉన్నాయని అనుకుందాం. ఏ ఊళ్లలో కేసులు ఎక్కువో చూపే మ్యాపు కావాలి. ఈ 400, ఇకపై చెప్పే అంకెలు అభ్యాసం కోసం వేసుకున్న లెక్కలే, సర్వే ఫలితాలు కావు.

పట్టికలో ఒక వరుస ఇలా ఉంటుంది: “ఇం.నెం. 3-45, హనుమాన్ గుడి దగ్గర, శివన్నగూడెం (గ్రా), మర్రిగూడ (మం), నల్లగొండ జిల్లా”. దీన్ని ఉన్నదున్నట్టు పంపేస్తే మొదట ఇబ్బంది పెట్టేది ఎక్సెలే. 3-45 అని టైప్ చేయగానే అది Mar-45 అయిపోతుంది. 3-12 అయితే డిసెంబరు మూడో తేదీయో, మార్చి పన్నెండో, మీ కంప్యూటర్ సెట్టింగును బట్టి ఏదో ఒకటి. ఒకసారి తేదీగా మారి సేవ్ అయ్యాక అసలు నంబరేమిటో కచ్చితంగా చెప్పలేం. కాబట్టి డేటా ఎక్కించకముందే ఆ కాలమ్‌ను Text గా పెట్టుకోవాలి. ఎవరైనా ఇచ్చిన ఫైల్లో ఇంటి నంబర్ల వరుసలో నెలల పేర్లు కనిపిస్తే ఇదే జరిగిందని అర్థం.

ఇంత జాగ్రత్త చెప్పి ఇప్పుడు ఇంకో మాట అంటే నవ్వుతారేమో. జియోకోడర్‌కు, అంటే చిరునామా తీసుకుని చుక్క ఇచ్చే సర్వీసుకు, పంపేటప్పుడు ఆ ఇంటి నంబరు తీసేయండి. మన పల్లెల్లో ఇంటి నంబరు ఎక్కడుందో చెప్పే డేటా ఆ సర్వీసుల దగ్గర మామూలుగా ఉండదు. “హనుమాన్ గుడి దగ్గర” కూడా తీసేయాలి. హనుమాన్ గుడి లేని ఊరు మనకెక్కడుంది? ఆ మాట పట్టుకుని సాఫ్ట్‌వేర్ ఇంకో ఊరి గుడి దగ్గర చుక్క పెట్టినా ఆశ్చర్యం లేదు. అసలు చిరునామా కాలమ్‌ను ముట్టుకోకుండా పక్కన గ్రామం, మండలం, జిల్లా, పిన్‌కోడ్ అని నాలుగు కొత్త కాలమ్‌లు పెట్టుకోండి. బయటికి పంపేది ఆ నాలుగే. రోగి పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు మన కంప్యూటర్ దాటకూడదు.

మరి ఇల్లు దొరకకపోతే నష్టం కాదా? ఈ మ్యాపుకు కాదు. మన ప్రశ్న ఏ ఊరి నీళ్లు తాగారు అన్నది, ఏ ఇంట్లో ఉన్నారు అన్నది కాదు. ఊరి స్థాయి చుక్క చాలు. అదే అంబులెన్స్ పంపాల్సి వస్తే ఊరి చుక్క ఎందుకూ పనికిరాదు. ఎంత కచ్చితత్వం కావాలో ముందే కాగితం మీద రాసుకోండి. తర్వాత వచ్చే ప్రతి జవాబునూ దాంతోనే కొలవాలి.

ఇప్పుడు జవాబులు చూద్దాం. మన పట్టికలో కొందరు “నాంపల్లి” అని రాసి జిల్లా వదిలేశారు. ఆ ఊళ్లో ఉన్నవాళ్లకు జిల్లా రాయాలని ఎందుకు తోస్తుంది? కానీ నాంపల్లి అంటే ప్రపంచానికి తెలిసింది హైదరాబాద్ నాంపల్లి. గూగుల్ జియోకోడింగ్ సర్వీసు నుంచి వచ్చే జవాబులో మనకు కావాల్సిన భాగం ఇలా ఉంటుంది. ఇది కుదించిన నమూనా:

```
"formatted_address": "Nampally, Hyderabad, Telangana, India",
"location_type": "APPROXIMATE",
"types": ["political", "sublocality"],
"partial_match": true
```

చాలామంది ఇందులోంచి అక్షాంశం, రేఖాంశం మాత్రం తీసుకుని మిగతాదంతా పారేస్తారు. అసలు సంగతంతా ఆ మిగతాదాంట్లోనే ఉంది. `partial_match` అంటే మీరు పంపిన చిరునామా పూర్తిగా కుదరలేదు, కుదిరిన ముక్కకే జవాబిచ్చాను అని. `sublocality` అంటే పట్టణంలో ఒక పేట. మనం అడిగింది పల్లె, వచ్చింది పేట, అక్కడే అనుమానం రావాలి. `location_type` మాత్రం పల్లెల విషయంలో పెద్దగా సాయపడదు. ఊరి మధ్యలో పెట్టినా, మండలం మధ్యలో పెట్టినా, జిల్లా మధ్యలో పెట్టినా APPROXIMATE అనే అంటుంది. ఏ స్థాయి జవాబో తెలియాలంటే `types` చూడాల్సిందే. ఈ వివరాలన్నీ పట్టికలో కాలమ్‌లుగా దాచుకోండి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే నామినాటిమ్ అనే జియోకోడర్ వాడేవాళ్లు అక్కడ `types` బదులు addresstype చూడాలి. importance అనే అంకె కూడా వస్తుంది, దాన్ని చూసి మోసపోకండి. ఆ చోటు ఎంత ప్రసిద్ధమో చెప్పే అంకె అది, జవాబు ఎంత కరెక్టో చెప్పేది కాదు. హైదరాబాద్ నాంపల్లి ప్రసిద్ధమైందే మరి. వాళ్ల ఉచిత సర్వర్‌ను సెకనుకు ఒక ప్రశ్నకు మించి అడగకూడదని నియమం. మన 400కు ఏడు నిమిషాలు, టీ తాగి వచ్చేలోగా అయిపోతుంది.

400లో 388కి జవాబు వచ్చిందనుకుందాం. 97 శాతం మ్యాచ్ అని రిపోర్టులో రాసేస్తాం, అందరూ సంతోషిస్తారు. స్థాయిల వారీగా విడదీస్తే మాత్రం 251 ఊరి స్థాయిలో, 96 మండల కేంద్రం మీద, 18 జిల్లా మధ్యలో, 23 వేరే జిల్లాల్లో పడ్డాయి. మన ప్రశ్నకు పనికొచ్చేది ఆ 251 మాత్రమే. అంటే 63 శాతం.

ఆ 96 చేసే హాని కొంచెం చూడండి. ఊరి పేరు దొరకనప్పుడు దాన్ని వదిలేసి మండలం పేరుతో జవాబివ్వడం ఈ సర్వీసులకు అలవాటు. మర్రిగూడ మండలంలో దొరకని ఊళ్ల కేసులన్నీ మర్రిగూడ నడిమధ్యన ఒకే చుక్క మీద పోగుపడతాయి. దాని మీద హీట్‌మ్యాప్ వేస్తే మండల కేంద్రం ఎర్రగా మండిపోతుంది. కేసులెక్కువ కాబట్టి కాదు, పక్క ఊళ్ల పేర్లు సాఫ్ట్‌వేర్‌కు తెలియవు కాబట్టి. ఒకే చోట ఎన్ని వరుసలు పడ్డాయో లెక్కపెట్టడం సులువే. అక్షాంశం F లో, రేఖాంశం G లో ఉంటే:

```
=COUNTIFS(F:F,F2,G:G,G2)
```

అయితే ఈ లెక్క ఒక్కటే సరిపోదు. ఒకే ఊరివాళ్లు పాతికమంది ఉంటే వాళ్లంతా ఒకే చుక్క మీద ఉండటం న్యాయమే. ఒకే చుక్క మీద వేర్వేరు ఊళ్ల పేర్లు ఉన్నాయా అన్నది చూడాలి. పివట్ టేబుల్ వేసి, ఒక్కో చుక్క కింద గ్రామం కాలమ్ పరచండి. ఒక చుక్క కింద తొమ్మిది ఊళ్లు కనిపిస్తే అది ఊరు కాదు, మండల కేంద్రం.

రెండో పరీక్ష మ్యాపులు వేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో. చుక్కలను మండల సరిహద్దుల ఫైలు మీద వేసి, చుక్క పడిన మండలమూ పట్టికలో రాసిన మండలమూ ఒకటేనా అని పోల్చాలి. ముందుగా X అంటే రేఖాంశం, Y అంటే అక్షాంశం అని సరిచూసుకోండి. అవి తారుమారైతే 17, 79 దగ్గరుండే నల్లగొండ కాస్తా నార్వేకు ఉత్తరాన స్వాల్‌బార్డ్ మంచుదీవుల్లో తేలుతుంది. ఆ తప్పు కనీసం కంటికి కనిపిస్తుంది.

పోల్చేటప్పుడు జిల్లా పేరును కాకుండా మండలాన్ని ఎందుకు పట్టుకోమంటున్నానంటే, 2016 అక్టోబరు 11న జిల్లాలు మారాయి. పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట విడిపోయాయి. గద్వాల దగ్గరి ఊరివాళ్లు ఇప్పటికీ చిరునామాలో మహబూబ్‌నగర్ జిల్లా అనే రాస్తుంటారు. దాన్ని తప్పుగా లెక్కిస్తే మంచి చుక్కలనే పారేస్తాం. మండలాలు కూడా కొన్ని కొత్తగా వచ్చాయి కాబట్టి, ఏ ఏడాది సరిహద్దులు వాడారో చూసుకుని, తేడా వచ్చినవాటిని చేత్తో పరిశీలించండి. పిన్‌కోడ్ ఉంటే మొదటి మూడంకెలు చూడండి. 508 నల్లగొండ వైపు, 509 మహబూబ్‌నగర్ వైపు. 508 ఉన్న చిరునామా చుక్క హైదరాబాద్‌లో పడితే, మన నాంపల్లి కథే అది.

దొరకని ఊళ్లను మళ్లీ జియోకోడర్‌కే పంపి లాభం లేదు. ప్రభుత్వ గ్రామాల జాబితాతో మనమే జత కుదుర్చుకోవాలి. లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోనో, 2011 జనగణనలోనో ప్రతి గ్రామానికీ కోడ్ ఉంది. ఇంగ్లీషులో ఒకరు Shivannagudem, ఇంకొకరు Sivannagudem, మరొకరు Shivannaguda అని రాస్తారు. ఎన్ని అక్షరాలు మారిస్తే ఒక పేరు రెండోదవుతుందో లెక్కిస్తే, మొదటిదానికి రెండోది ఒక అక్షరం దూరం, మూడోది రెండక్షరాల దూరం. అదే మండలంలోని పేర్లతో మాత్రమే పోలుస్తూ రెండు దాకా ఒప్పుకోవచ్చు. పేరు పొట్టిదైతే రెండు ఎక్కువే, పక్క ఊరితో కలిసిపోతుంది. వాటిని కళ్లతో చూసి తేల్చాలి.

ఇంత చేసినా కొన్ని మిగులుతాయి. మిగిలేవి ఏవి? ఎక్కువగా తండాలు. దేవరకొండ, చింతపల్లి వైపు పట్టికలు చూస్తే తెలుస్తుంది. 2018లో 500 జనాభా దాటిన తండాలను గ్రామ పంచాయతీలు చేశారు కానీ, 2011 జనగణన గ్రామాల జాబితాలో అవి విడి గ్రామాలుగా లేవు. దొరకని వరుసలను తీసేసి మ్యాపు వేస్తే అన్ని ఊళ్ల నుంచీ సమానంగా తగ్గవు. తండాలే మ్యాపులోంచి మాయమవుతాయి. చూసేవాళ్లకు అక్కడ కేసులు లేనట్టే కనిపిస్తుంది. అందుకని తండా ఏ రెవెన్యూ గ్రామం కిందికి వస్తుందో మండల ఆఫీసులోనో, పంచాయతీ కార్యదర్శినో అడిగి ఆ గ్రామం కోడ్ ఇవ్వండి. “మాతృగ్రామం చుక్క వాడాం” అని పక్క కాలమ్‌లో రాయండి.

చివరగా, అంతా సరిపోయిందనుకున్న వరుసల్లోంచి లాటరీ తీసినట్టు కొన్ని ఎంచి, శాటిలైట్ చిత్రం మీదో, ఆ ఊరివాళ్లకు ఫోన్ చేసో సరిచూడండి. 30 చూసి ఒక్క తప్పూ దొరకలేదంటే తప్పులు లేవని కాదు. ఒక్క తప్పూ దొరకనప్పుడు మూడును చూసినవాటి సంఖ్యతో భాగించి పై హద్దు అంచనా వేయడం గణాంకాల్లో ఒక సులువు సూత్రం. మూడును ముప్పైతో భాగిస్తే వచ్చే 10 శాతం దాకా తప్పులుండే అవకాశం ఇంకా మిగిలే ఉంటుంది. 100 చూస్తే ఆ హద్దు 3 శాతానికి దిగుతుంది. ఊరి స్థాయి చుక్కలను, పేరు పోల్చి కుదిర్చినవాటిని, మాతృగ్రామానికి వేసినవాటిని కలపకుండా విడివిడిగా పరీక్షించండి. మ్యాపు కింద మూలన ఒక్కో మండలానికి ఎన్ని కేసులు వచ్చాయి, అందులో ఎన్నింటికి చుక్క పెట్టలేకపోయాం అన్న రెండు అంకెలూ వేయండి. మర్రిగూడలో ఎన్ని వదిలేశారని కలెక్టరేట్ మీటింగులో ఎవరైనా అడిగితే, ఫైలు వెతక్కుండా మ్యాపు మీదే చూపించవచ్చు.