పొట్టలో ఉన్నది గాలి మాత్రమే కాదు, నురగ

(పాడి రైతుల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ ఊళ్లో బోరు కింద లూసర్న్ వేసినవాళ్లు చాలామంది ఉన్నారు. మంచి మేత అది, పాలు పెంచుతుంది. అదే మేత ఖాళీ కడుపు మీద పడితే పూట తిరగకుండా ఆవును చంపగలదు. ఈ రోజు ఆ కడుపు ఉబ్బు గురించే మాట్లాడతాను. అలసంద, పిల్లిపెసర, బర్సీం వంటి లేత పప్పుజాతి మేతలకూ ఇదే వర్తిస్తుంది. నేను ఎక్కువగా చూసినవి మాత్రం లూసర్న్ మేసిన కేసులే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసిన ఒక జెర్సీ సంకరజాతి ఆవు సంగతి చెబుతాను. రెండో ఈత, బరువు 350 కిలోల వరకు ఉంటుంది. రాత్రి దాని ముందు ఎండుగడ్డి సరిగా పడలేదు. తెల్లవారుజామున పలుపు తెంచుకుని, మంచుతో తడిసిన లూసర్న్ మడిలో దూరింది. రైతు చూసేసరికి అరగంట పైగా మేసింది. నేను వెళ్లేటప్పటికి నెమరు ఆగిపోయింది. మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకుంటోంది, వెనక కాలితో పొట్టను తన్నుకుంటోంది. ఎడమ డొక్క గుంట పూర్తిగా నిండి, వెన్నెముక కంటే పైకి లేచింది. మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది.

నోట్లోంచి గొట్టం పొట్టలోకి దించాను. బుస్సుమని గాలి వస్తుందని ఎదురు చూశాను. రాలేదు. గొట్టం చివర పచ్చటి నురగ ఒక ముద్ద వచ్చి అక్కడే ఆగిపోయింది. పొట్ట అంగుళం కూడా దిగలేదు. ఈ జబ్బు గుట్టంతా ఆ నురగలోనే ఉంది.

ఆవు పెద్ద పొట్టలో మేత పులుస్తూనే ఉంటుంది. మేసిన తరువాత గంటకు 30 లీటర్లకు పైగా గాలి పుడుతుంది. అదంతా త్రేన్పుల్లో బయటికి పోతుంది కాబట్టి మనకు తెలియదు. లేత లూసర్న్ ఆకులో నీళ్లలో కరిగే మాంసకృత్తులు ఎక్కువ, ఆకు కూడా పొట్టలో చాలా త్వరగా చితికిపోతుంది. అప్పుడు పుట్టిన గాలి ఒకచోట చేరదు. సన్నటి బుడగలుగా మేతలోనే చిక్కుకుపోతుంది. అన్ననాళం ద్వారం దగ్గరికి నురగ చేరితే ఆ ద్వారం తెరుచుకోదు, త్రేన్పు రాదు. పొట్ట ఉబ్బి ఊపిరితిత్తుల మీద ఒత్తుతుంది, గుండెకు రక్తం తిరిగి రానివ్వదు. ఆవు ఊపిరాడక చనిపోతుంది. ఉబ్బు మొదలయ్యాక దానికి గంట పట్టవచ్చు, మూడు నాలుగు గంటలూ పట్టవచ్చు.

బెల్లం వండేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? పెనంలో చెరకురసం పొంగి పైకి వస్తుంటే కాస్త ఆముదం వేస్తారు. పొంగు చప్పున కూర్చుంటుంది. నూనె తగిలితే బుడగల పొర తెగిపోతుంది. ఆ రోజు ఆవు విషయంలో నేను చేసినదీ అంతే. గొట్టంలోంచి 300 మిల్లీలీటర్ల వేరుశనగ నూనె పోసి, ఎడమ డొక్కను గట్టిగా మర్దన చేయించి, మెల్లగా నడిపించాం. పావుగంట తరువాత మొదటి త్రేన్పు వచ్చింది. గంటలో డొక్క గుంట మళ్లీ కనిపించింది.

మీ ఇంట్లో ఇలా జరిగితే ముందు మేత ఆపండి. వెంటనే 1962కు ఫోన్ చేయండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సంచార పశువైద్య వాహనానికి నంబరు ఇదే. అది వచ్చేలోగా ఆవును ముందు కాళ్లు ఎత్తుమీద, వెనక కాళ్లు పల్లంలో ఉండేలా నిలబెట్టండి. పడుకోనివ్వవద్దు. బొటనవేలంత లావు వేపకర్రను కళ్లెంలా నోటికి అడ్డంగా పెట్టి, రెండు కొసలకూ తాడు కట్టి కొమ్ముల వెనక ముడి వేయండి. దాన్ని నములుతూ ఉంటే లాలాజలం ఊరుతుంది. అది కూడా నురగను కొంత విరుస్తుంది.

తరువాత నూనె. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఇంట్లో ఏ వంటనూనె ఉంటే అది. పెద్ద ఆవుకు, గేదెకు 250 నుంచి 500 మిల్లీలీటర్లు, మేకకు, గొర్రెకు 50. నురగ విరిచే మందు సీసా ఇంట్లో ఉంటే సీసా మీద రాసిన మోతాదులో అదే పట్టండి. తాగించే తీరు మాత్రం జాగ్రత్త. తల పైకెత్తి, నాలుక పట్టి లాగి గొంతులో గుమ్మరిస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉబ్బు తగ్గినా నాలుగు రోజులకు న్యుమోనియాతో ఆవు పోతుంది. తలను నేలకు సమంగానే ఉంచి, నోటి పక్క సందులోంచి గుక్కెడు గుక్కెడుగా పోయండి. దగ్గితే వెంటనే ఆపి తల వదిలేయండి. కిరోసిన్, డీజిల్ వద్దు. తాగే సోడా అసలే వద్దు, ఉన్న గాలికి ఇంకా గాలి కలుస్తుంది.

ఒక్క సందర్భంలో నూనె పోయకూడదు. మామిడి టెంకో దుంపో గొంతులో అడ్డుపడినా పొట్ట ఇలాగే ఉబ్బుతుంది. అప్పుడు నోట్లోంచి చొంగ ధారగా కారుతుంది, ఆవు మింగబోయి మింగలేక తల ఆడిస్తుంది. అందుకే ముందుగా ఆవు ఏం మేసిందో కనుక్కోండి. డాక్టరుకు ఫోనులో చెప్పవలసిన మొదటి మాటా అదే.

పొట్ట పొడవడం గురించి అందరూ అడుగుతారు. ఆవు తూలి పడిపోతోంది, నాలుక నీలంగా మారింది, డాక్టరు రావడానికి వ్యవధి లేదు అన్నప్పుడే ఆ పని. ఎడమ వైపు ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, వెన్ను పక్క ఎముకల అంచుకు బెత్తెడు కింద, ఆవు కుడి ముందుకాలి మోచేతి వైపు గురిపెట్టి, ట్రోకార్ అనే గొట్టం తొడిగిన మొనదేలిన పనిముట్టు దించాలి. గాలి ఉబ్బయితే వెంటనే దిగుతుంది. నురగ ఉబ్బయితే సన్నటి గొట్టం నురగతో మూసుకుపోతుంది. అప్పుడు ఆ గొట్టంలోంచే నూనె పోయాలి. పొడిచిన చోట చీము పట్టే ప్రమాదం ఉంది కాబట్టి తరువాత యాంటీబయాటిక్ తప్పదు. డాక్టరు దగ్గర ఒకసారి చేయి పట్టించుకుని నేర్చుకోని వాళ్లు దీనికి పూనుకోవద్దు.

ఇదంతా రాకుండా చూసుకోవడం పెద్ద కష్టం కాదు. పచ్చిమేతకు ముందు రెండు మూడు కిలోల వరిగడ్డి గానీ జొన్న చొప్ప గానీ తిననివ్వండి. ఆకలి తీరిన ఆవు లూసర్న్ మీద ఎగబడదు. లూసర్న్‌ను మడిలో మేపకండి, కోసి వేయండి. పూత మొదలవకముందు కోత అన్నిటికంటే ప్రమాదం. కాస్త పూత పట్టాక కోసి, ఒక రోజు నీడలో వాడనిచ్చి, ముక్కలు చేసి ఎండుగడ్డితో కలిపి వేస్తే భయం చాలా తగ్గుతుంది. మంచు తడి ఆరకముందు వేయకండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి రోజు రెండు కిలోలతో ఆరంభించి పది రోజుల్లో పెంచండి. ఒక్కో ఆవుకు ఉబ్బే స్వభావం ఉంటుంది, ఒకసారి ఉబ్బినది మళ్లీ ఉబ్బుతుంది. అలాంటి దానికి లేత కోత ఉన్న రోజుల్లో పూటకు 60 మిల్లీలీటర్ల నూనె దాణాలో కలపండి. దాని ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది, కాబట్టి పూట తప్పకూడదు.

నోటికి కర్ర కట్టడం మాటలతో చెబితే చేతికి రాదు. బయట చెట్టు కింద ఒక ఆవును కట్టించాను, తాడూ వేపకర్రా సిద్ధంగా ఉన్నాయి. ముందుగా ఇద్దరు రండి, మీ చేతనే కట్టిస్తాను.