భుజం కొనలో నొప్పి, డయాఫ్రమ్ కింద రక్తం

బైకు మీంచి ఎడమ పక్కకు పడ్డ కుర్రాడు క్యాజువాలిటీకి వచ్చాడనుకోండి. డొక్కలో కాస్త నొప్పి ఉందంటాడు గానీ, అతన్ని ఎక్కువగా వేధిస్తున్నది ఎడమ భుజం కొన. ఎక్స్‌రేలో భుజం ఎముకలు బాగానే ఉన్నాయి. చెయ్యి పైకెత్తమంటే ఎత్తుతాడు, భుజం నొక్కినా కిమ్మనడు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే మాత్రం భుజం పట్టుకుని మూలుగుతాడు.

ప్లీహం చిట్లి, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం డయాఫ్రమ్ కిందికి రక్తం చేరుతోంది. ఈ భుజం నొప్పినే కెహర్ సైన్ అంటాం.

కడుపులో రక్తానికి భుజం ఎందుకు నొప్పెడుతుంది? డయాఫ్రమ్‌ని కదిలించే ఫ్రెనిక్ నరం మెడలో పుడుతుంది. మెడ దగ్గర వెన్నుపాము నుంచి వచ్చే సి3, సి4, సి5 నరాల మూలాలు కలిసి దాన్ని తయారుచేస్తాయి, పెద్ద వాటా సి4ది. పిండం నాలుగో వారంలో ఉన్నప్పుడు డయాఫ్రమ్‌కు మూలమైన కణజాలం మెడ ఎదుటే ఉంటుంది. తర్వాత అది కిందికి దిగుతుంది, నరమూ దాని వెంటే సాగుతుంది. అందుకే అంత పొడవు.

మెడలో ఈ నరం యాంటీరియర్ స్కేలీన్ కండరం మీదుగా జారి, సబ్‌క్లేవియన్ సిరకు వెనగ్గా ఛాతీలోకి దిగుతుంది. అక్కడ ఊపిరితిత్తి మూలానికి ముందు నుంచి, గుండె పొర పక్కనే ఆనుకుని పోతుంది. కుడి నరం కింది మహాసిర ఉన్న రంధ్రం దగ్గర డయాఫ్రమ్‌ని చేరుతుంది, ఎడమది కండరాన్నే చీల్చుకుని వెళుతుంది.

ఈ నరం కండరాన్ని ఆడించడమే కాదు, డయాఫ్రమ్ నడిమి భాగం నుంచి నొప్పి కబురునూ మోస్తుంది. ఆ కబురు వెన్నుపాములో చేరేది సి3, సి4 దగ్గరికే. భుజం కొన చర్మం నుంచి వచ్చే సుప్రాక్లావిక్యులర్ నరాలు చేరేదీ అక్కడికే. రెండింటి కబుర్లూ అందుకునే కణాలు చాలావరకు ఒకటే. మెదడుకు రోజూ అలవాటైనవి చర్మం కబుర్లు, అందుకని నొప్పిని భుజానికే అంటగడుతుంది.

డయాఫ్రమ్ అంచుల సంగతి వేరు. వాటి స్పర్శ కింది పక్కటెముకల నరాలది కాబట్టి, అక్కడ రాపిడి కలిగితే నొప్పి డొక్కలోనో పొట్ట గోడలోనో తెలుస్తుంది. అంటే రక్తం నడిమి భాగాన్ని తాకకపోతే ప్లీహం చిట్లినా భుజం నొప్పి రాకపోవచ్చు. ఆ నొప్పి లేదని ప్లీహాన్ని వదిలెయ్యకండి.

లాపరోస్కోపీ తర్వాత పేషెంట్లు చెప్పే భుజం నొప్పిదీ ఈ దారే. పొట్టలో మిగిలిన కార్బన్ డయాక్సైడ్ డయాఫ్రమ్‌ని రేపుతుంది, రెండు మూడు రోజుల్లో సాధారణంగా తగ్గిపోతుంది.

మన కుర్రాడి విషయంలో అంత వ్యవధి లేదు. ఈ వయసులో చాలా రక్తం పోయేదాకా బీపీ నిలబడే ఉంటుంది, ముందుగా పెరిగేది నాడి. ఎడమ భుజం గనక ఈసీజీ కూడా తీయండి, కానీ పొట్ట మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టడం ఆలస్యం చేయొద్దు. బీపీ నిలకడగా ఉంటే సీటీకి పంపండి. పడిపోతూ, అల్ట్రాసౌండ్‌లో రక్తం కనిపిస్తే, సర్జన్‌ని పిలిచి థియేటర్‌కే తీసుకెళ్లండి.