తిరిగొచ్చిన బిల్లు, తిరిగిరాని డిస్కౌంటు

అందరికీ నమస్కారం. ఇవాళ 1,350 రూపాయల తేడాతో మొదలుపెడతాను.

నేను లెక్కలు చూసే చీరాల బట్టల టోకు కొట్లో 2025 ఆగస్టు నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటుకూ కొట్టు పుస్తకానికీ సరిగ్గా అంత తేడా వచ్చింది. పద్దులు రాసే కుర్రాడు రెండు రోజులు టెన్షన్ పడి, "సార్, బ్యాంకు వాళ్లు ఎక్కువ కోసేశారండీ" అంటూ నా దగ్గరికొచ్చాడు. బ్యాంకు తప్పేమీ లేదు. ఒక వినిమయ బిల్లు, అంటే ఫలానా తేదీకి ఇంత కట్టమని సరుకు కొన్నవారి పేర రాసే పత్రం, చెల్లక తిరిగొచ్చింది, మనవాడు దాన్ని తప్పుగా రాశాడు. ఆ బిల్లు వెంటే వెళ్దాం, రండి.

తెనాలి దుకాణదారు ఒకాయన అప్పు మీద 60,000 రూపాయల సరుకు తీసుకున్నాడు. చీరాల కొట్టు ఆయన పేర మూడు నెలల బిల్లు రాసింది. ఆయన దాని మీద సంతకం పెట్టి, అంటే బిల్లును స్వీకరించి, తిరిగి పంపాడు. బిల్లు తేదీ మే 12. మూడు నెలలు లెక్కేస్తే ఆగస్టు 12, దానికి చట్టం ఇచ్చే మూడు అదనపు రోజులు కలిపితే ఆగస్టు 15. ఆ రోజు స్వాతంత్ర్య దినం, సెలవు. మామూలు బాకీ అయితే మర్నాడు కడతామంటాం. బిల్లు విషయంలో అలా కుదరదు. గడువు రోజు సెలవైతే దానికి ముందున్న పనిదినమే గడువు అని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చెబుతుంది. అంటే గడువు ఆగస్టు 14. పరీక్ష రాసే పిల్లలే కాదు, కొట్లో కూర్చునేవాళ్లు కూడా ఇక్కడ పొరపాటు పడతారు.

బిల్లు చేతికి రాగానే చీరాల పుస్తకాల్లో వసూలు బిల్లుల ఖాతాకు 60,000 డెబిట్, తెనాలి ఖాతాకు క్రెడిట్. అంతటితో తెనాలి ఆవర్జాలో బాకీ సున్నా. ఈ సున్నాను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

జూన్ 12న కొట్టుకు డబ్బు అవసరమై, బిల్లును బ్యాంకులో డిస్కౌంటు చేసింది, అంటే గడువుకు ముందే బ్యాంకుకిచ్చి వడ్డీ పోను మిగతాది తీసుకుంది. రేటు ఏడాదికి 12 శాతం, మిగిలిన కాలం రెండు నెలలు, కాబట్టి డిస్కౌంటు 1,200. బ్యాంకులు రోజుల లెక్కన కడతాయి గనుక అసలు అంకె కాస్త అటూ ఇటూ ఉంటుంది. మనం తేలిగ్గా ఉండేందుకు నెలల లెక్కే తీసుకుందాం.

బ్యాంకు ఖాతా డెబిట్ 58,800
డిస్కౌంటు ఖాతా డెబిట్ 1,200
వసూలు బిల్లుల ఖాతా క్రెడిట్ 60,000

బిల్లు బ్యాంకుకు వెళ్లింది, వసూలు బిల్లుల ఖాతా ఖాళీ అయింది. బాధ్యత మాత్రం ఖాళీ కాలేదు. బిల్లు వెనక చీరాల కొట్టు సంతకం ఉంది. తెనాలి ఆయన కట్టకపోతే బ్యాంకు ముందు ఈ ఖాతాలోంచే లాక్కుంటుంది. మధ్యలో మార్చి 31 వచ్చి ఉంటే దీన్ని ఆస్తి అప్పుల పట్టీ కింద సంభావ్య బాధ్యతగా చూపాల్సి వచ్చేది.

ఆగస్టు 14న తెనాలి ఆయన కట్టలేదు. బ్యాంకు నోటరీ దగ్గర నోటింగ్ చేయించింది, అంటే బిల్లు చెల్లలేదని రాయించుకుంది. దానికి 150 ఖర్చయింది. కొట్టు ఖాతాలోంచి మొత్తం 60,150 తీసుకుంది. మన కుర్రాడు ఏం చేశాడంటే, జూన్‌లో రాసిన పద్దును అద్దంలో చూసినట్టు తిప్పి రాశాడు. వసూలు బిల్లులకు 60,000 డెబిట్, బ్యాంకుకు 58,800 క్రెడిట్, డిస్కౌంటుకు 1,200 క్రెడిట్. బిల్లు తిరిగొచ్చింది కాబట్టి అన్నీ తిరిగిరావాలని వాడి లెక్క.

డిస్కౌంటు ఎందుకు తిరిగిరాదు? బ్యాంకు 58,800 ఇచ్చింది, ఆ డబ్బును కొట్టు రెండు నెలలు వాడుకుంది. 1,200 ఆ రెండు నెలల వడ్డీ. తెనాలి ఆయన కట్టినా కట్టకపోయినా కాలం గడిచిపోయింది, వడ్డీ బ్యాంకుది. అందుకే బ్యాంకు పూర్తి 60,000 తీసుకుంటుంది. మరి ఆ 1,200 తెనాలి ఖాతాకు వేయొచ్చా? వేయకూడదు. డబ్బు ముందే కావాలనుకున్నది మనం, ఆయన కాదు. నోటింగ్ ఖర్చు మాత్రం ఆయన కట్టకపోవడం వల్లే వచ్చింది, కాబట్టి అది ఆయన మీదకే. సరైన పద్దు ఒక్క వరుస:

తెనాలి ఖాతా డెబిట్ 60,150, బ్యాంకు ఖాతా క్రెడిట్ 60,150

వసూలు బిల్లుల పేరే ఇక్కడ రాదు. అది జూన్‌లోనే పోయింది.

ఇప్పుడు అదే బిల్లును బ్యాంకుకు ఇవ్వకుండా, వెనక సంతకం చేసి నూలు వ్యాపారికి ఎండార్స్ చేశామనుకుందాం. ఆయనకు మన బాకీ 60,500. బిల్లు తీసుకుని, "సరేలెండి, ఆ ఐదొందలు వదిలేస్తా, లెక్క తెగిపోయింది" అన్నాడు. అప్పుడు ఆయన ఖాతాకు 60,500 డెబిట్, వసూలు బిల్లులకు 60,000 క్రెడిట్, వచ్చిన డిస్కౌంటుకు 500 క్రెడిట్. బిల్లు తిరిగొస్తే ఆయన ఊరుకుంటాడా? ఐదొందలు వదిలింది బిల్లు చెల్లుతుందని నమ్మి. అది చెల్లలేదు, రాయితీ కూడా చెల్లదు.

తెనాలి ఖాతా డెబిట్ 60,150
వచ్చిన డిస్కౌంటు ఖాతా డెబిట్ 500
నూలు వ్యాపారి ఖాతా క్రెడిట్ 60,650

రెండింటినీ డిస్కౌంటు అనే అంటాం, చిక్కంతా అక్కడే. బ్యాంకు తీసుకున్నది గడిచిన కాలానికి ధర, అది పోయినట్టే. నూలు వ్యాపారి వదిలింది షరతు మీద, షరతు తప్పితే వెనక్కి పోతుంది. ఏ పద్దు తిప్పాలో తేలనప్పుడు నేను ఒకటే అడుగుతాను: ఈ మొత్తం దేనికోసం ఇచ్చారు, అది జరిగిపోయిందా లేదా?

బిల్లు ఏ దారిన పోయినా డెబిట్ పడేది తెనాలికే అన్నది గమనించారా? బిల్లు మన బీరువాలోనే ఉండి తిరిగొస్తే క్రెడిట్ వసూలు బిల్లులకు, నోటింగ్ ఖర్చు మేరకు నగదుకు. బ్యాంకుకిస్తే బ్యాంకుకు, ఎండార్స్ చేస్తే తీసుకున్నవారికి. తెనాలి పుస్తకాల్లో చెల్లింపు బిల్లులకు 60,000, నోటింగ్ ఖర్చులకు 150 డెబిట్, చీరాలకు 60,150 క్రెడిట్.

చెక్కు బౌన్సయితే పెట్టే క్రిమినల్ కేసు దీనికీ పెట్టొచ్చా అని ప్రతిచోటా అడుగుతారు. ఆ కేసు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కిందది, అది చెక్కులకే. బిల్లు మీద సివిల్ దావా వేసుకోవాల్సిందే.

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి. 1,350 అంటే 1,200 డిస్కౌంటు, 150 నోటింగ్. అది చిన్న తేడా, స్టేట్‌మెంటు పట్టించింది. స్టేట్‌మెంటు పట్టించలేనిది ఇంకోటుంది. వాడి పద్దులో తెనాలి ఖాతా అసలు కదల్లేదు, ఆ సున్నా అలాగే ఉంది. గడువు దాటిన బిల్లు వసూలు బిల్లుల్లో 60,000గా కూర్చుంది. కొట్లో గుమాస్తా ఆవర్జా తిప్పి చూసి, బాకీ లేదనుకుని, ఆగస్టు చివర్లో తెనాలికి ఇంకో మూడు బేళ్లు అప్పు మీద పంపేశాడు.

సవరణ పద్దు అక్కడే కూర్చోబెట్టి వాడి చేతే రాయించాను. తెనాలికి 60,150, డిస్కౌంటుకు 1,200 డెబిట్. వసూలు బిల్లులకు 60,000, బ్యాంకుకు 1,350 క్రెడిట్. రెండు వైపులా 61,350. రాయడం అయ్యాక వాడు ముందు చేసిన పని, ఆ మూడు బేళ్లు ఎక్కడిదాకా వెళ్లాయో కనుక్కోవడానికి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ఫోన్ కొట్టడం.