హీరోయిన్ ఫ్రెండ్ ఒక్కసారైనా "కుదరదు" అనాలి!

"రైవల్‌ని కూడా మంచిదాన్ని చేసేస్తే, ఇక పాఠకులు హీరోయిన్ వైపు ఎందుకుంటారు?"

ఉంటారండీ, ఇంకా గట్టిగా ఉంటారు! ప్రేమకథలు రాసేవాళ్ళు అడిగే ప్రశ్నే ఇది. నేననేది ఒక్కటే. ప్రేమకథలో ఫ్రెండైనా రైవలైనా ఒక్కసారి "కుదరదు" అనాలి. తన సొంత కారణంతో అనాలి. అనలేదా, అది మనిషి కాదు, హీరోయిన్ కూర్చోడానికి వేసిన కుర్చీ.

మన హైదరాబాద్ కథే ఒకటి అనుకుందాం. శ్రావణికి మాదాపూర్‌లో ఉద్యోగం, అమీర్‌పేటలో హాస్టల్. వంశీ అంటే ప్రాణం. ఫ్రెండ్ నసీమా గ్రూప్స్‌కి చదువుతోంది. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి పోతే మళ్ళీ రాత్రికే రావడం. ఇక దీప్తి, వంశీ వాళ్ళమ్మ కోడలిగా అనుకుంటున్న అమ్మాయి.

రెండు రోజులుగా వంశీ ఫోన్ ఎత్తట్లేదు. రాత్రి పదకొండింటికి శ్రావణి ఏడుస్తూ నసీమాకి ఫోన్ చేసింది. ఇక్కడ మనవాళ్ళు రాసేదేంటి? "ఏమైందే? వాడేమన్నాడు? ఉండు, వస్తున్నా." నాకు మండేది ఇక్కడే! ఆ పిల్లకి నిద్ర రాదా? పరీక్ష లేదా? తన ఇంట్లో ఏ గొడవా లేదా?

ఇప్పుడిలా రాయండి. "ఇప్పుడు కుదరదే శ్రావణీ. పొద్దున టెస్టుంది, పాలిటీ సగం కూడా అవ్వలేదు. రేపు సాయంత్రం మాట్లాడదాం." ఫోన్ పెట్టేసింది. చూశారా, నసీమాకి ప్రాణం వచ్చింది! కథ కూడా కదిలింది. వినేవాళ్ళు లేక శ్రావణి తెల్లారగానే తనే వంశీని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. నసీమా వచ్చుంటే ఇద్దరూ మంచం మీద కూర్చుని నాలుగు పేజీలు వంశీని తిట్టుకునేవాళ్ళు.

అయితే ఆ "కుదరదు" ఆకాశం నుంచి ఊడిపడకూడదు. రెండు ఎపిసోడ్ల ముందే నసీమా వాళ్ళన్నతో "ఈసారికి ఫీజు కట్టు భాయ్, రాకపోతే నువ్వు చెప్పినట్టే వింటా" అంటుండగా శ్రావణి సగం విని, తన ఫోన్ చూసుకుంటూ దాటిపోవాలి. నమ్మేలా ఆశ్చర్యపరచడమే నిండైన పాత్రకి పరీక్ష అని ఇంగ్లిష్ నవలాకారుడు ఇ.ఎం.ఫార్‌స్టర్ 1927లోనే అన్నాడు. నసీమా మాట శ్రావణికి ఆశ్చర్యం, మనకి మాత్రం నమ్మకం. ఆటో డ్రైవర్‌కీ హాస్టల్ వార్డెన్‌కీ ఇంత అక్కర్లేదు, ఫ్రెండ్‌కీ రైవల్‌కీ ఉంటే చాలు.

ఇక దీప్తి. వంశీ వాళ్ళ నాన్నకి గుండెనొప్పి. శ్రావణి ఆసుపత్రికి వెళ్ళేసరికి దీప్తి మందుల కౌంటర్ దగ్గర లైన్లో ఉంది. చేతిలో ఫైలు, చీటీ మీద పెన్నుతో టిక్కులు. "ఇది పొద్దున వేసేశాం, రాత్రిది ఇవ్వండి" అంటోంది. శ్రావణిని చూసి, "వంశీ పైన ఉన్నాడు. ఏమీ తినలేదు, మీరు చెప్తే తింటాడేమో" అంది. లిఫ్ట్ ఎక్కుతూ శ్రావణికి భయం వేస్తుంది చూడండీ, అదీ పోటీ అంటే! హీరోయిన్ మీద కాఫీ ఒలకబోసే రైవల్‌ని చూసి ఎవరు భయపడతారు? అలాంటిదాన్ని వంశీ వద్దంటే అందులో గొప్పేముంది? దీప్తిని చేసుకున్నా వంశీ సుఖంగా ఉంటాడు అని పాఠకుడికి అనిపించాకే, వంశీ శ్రావణి వైపు వేసే ప్రతి అడుగుకీ బరువొస్తుంది.

దీప్తి "కుదరదు" ఎక్కడ? వంశీ వాళ్ళమ్మ ముహూర్తాల మాట ఎత్తినప్పుడు. "మీరు అడుగుతున్నారు ఆంటీ, వంశీ అడగట్లేదు. నాకు కుదరదు." దయచేసి దీన్ని త్యాగం చెయ్యకండి! కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళిద్దరి చేతులు కలపక్కర్లేదు. ఆమెకి కోపం ఉండాలి. ఇన్నాళ్ళూ నోరు విప్పని వంశీని నాలుగు మాటలు అనాలి, అందులో మూడు నిజం కావాలి.

మీ కథలో ఇది కుదిరిందో లేదో ఇలా చూడండి. ఫ్రెండ్ డైలాగులన్నీ వరసగా ఒక కాగితం మీద రాసి, హీరోయిన్ గురించి అడిగినవీ ఆమెని ఓదార్చినవీ కొట్టేయండి. కాగితం ఖాళీ అయితే అక్కడ మనిషి లేడు. రైవల్‌కైతే ఆ ఆసుపత్రి సీను ఆమె "నేను" అంటూ ఒక పేజీ రాసుకోండి, కథలో పెట్టడానికి కాదు. అందులోనూ తను దుర్మార్గురాలిగానే కనిపిస్తే ఆ పేజీ చింపేసి మళ్ళీ రాయండి, ఏ మనిషీ తన కథలో తను విలన్ కాదు.

ఇంకోటి, ఇది మాత్రం చేతులు జోడించి అడుగుతున్నా. చివరి ఎపిసోడ్‌లో దీప్తిని వంశీ ఫ్రెండ్‌కి కట్టబెట్టొద్దు! ఆమెకి సంబంధం మనం చూడక్కర్లేదు.