చెరువు పచ్చబడక ముందే ఎలా తెలుస్తుంది?

అందరికీ నమస్కారం. మన హైదరాబాద్‌లో నీళ్లు పచ్చబడి వాసన వచ్చాకే చెరువు పాడైందని అంటాం. లోతు తక్కువ చెరువులకు అది చాలా ఆలస్యం. నెదర్లాండ్స్‌లోని వెలూవె సరస్సునే చూడండి.

1960ల చివరిదాకా దాని నీళ్లు తేటగా ఉండేవి, అడుగున మొక్కలు పరుచుకుని ఉండేవి. మురుగుతో ఫాస్ఫరస్ పెరిగి లీటరుకు సుమారు 0.2 మిల్లీగ్రాములు దాటాక మొక్కలు పోయి నీళ్లు పచ్చబడ్డాయి. తర్వాత మురుగును శుద్ధి చేసి ఫాస్ఫరస్ తగ్గించారు. అది 0.2 కంటే కిందికి దిగినా తేటదనం రాలేదు. దాదాపు 0.1కి దిగి, అడుగు బురదను కెలికే బ్రీమ్ చేపలు కూడా తగ్గాక, 1990లలో గానీ సరస్సు కోలుకోలేదు. మొక్కలుంటే బురద లేవదు, నాచును తినే సూక్ష్మజీవులకు చాటు దొరుకుతుంది. మొక్కలు పోతే బురద లేచి వెలుగు అడుగుకు చేరదు, కొత్త మొక్క మొలవదు. అందుకే ఏ స్థితిలో ఉన్న చెరువు అక్కడే పాతుకుపోతుంది.

మరి ముందే తెలిసేదెలా? తేట నీళ్ల స్థితి నుంచి పచ్చ నీళ్ల స్థితికి మారిపోయే అంచుకు దగ్గరయ్యేకొద్దీ చెరువు కోలుకునే వేగం తగ్గుతుంది. ఈదురుగాలికి నీళ్లు కలకబారాయనుకుందాం. ఉదాహరణకు ఆరోగ్యంగా ఉన్న చెరువులో మర్నాటికి ఆ కలకలో సగమే మిగులుతుందనుకుందాం. అంచుకు చేరిన చెరువులో 90 శాతం అలాగే ఉంటుందనుకుందాం. అంటే నేటి కొలత నిన్నటి కొలతను ఎక్కువగా పోలి ఉంటుంది. పాత కలక పోకముందే కొత్తది వచ్చి చేరుతుంది కాబట్టి ఊగిసలాట కూడా పెరుగుతుంది. గాలులు మునుపటిలాగే వీచినా, సగం మిగిలేచోట కంటే 90 శాతం మిగిలేచోట వ్యత్యాసం, అంటే వేరియెన్స్, దాదాపు నాలుగింతలవుతుంది. సగటు కొలత మాత్రం పెద్దగా మారకపోవచ్చు.

దీన్ని 2015లో అమెరికాలో నిజమైన సరస్సుల మీదే పరీక్షించారు. పీటర్, ట్యూస్‌డే అనే రెండు సరస్సుల్లో రోజూ ఎరువు కలిపారు, పాల్ సరస్సును పోల్చడానికి వదిలేశారు. సెన్సర్లు నాచు రంగుపదార్థాలను కొలిచాయి. పీటర్‌లో ఈ సంకేతాలు కనబడగానే ఎరువు ఆపేశారు, నాచు త్వరగా తగ్గింది. ఎరువు ఆపని ట్యూస్‌డేలో అది కొనసాగింది. నాకు ఎంతో ఆశ కలిగించిన ప్రయోగం ఇది. కాకపోతే అది నాచు విజృంభణను ఆపడం. వెలూవెలా మొక్కలే పోయాక వెనక్కి రప్పించడం వేరు.

మన దగ్గర ఒక పెద్ద ఇబ్బంది ఉంది. ఒక్క వానకు నాలా పొంగి మురుగంతా చెరువులో పడితే అంచు దాటడం ఒక్కరాత్రిలో జరిగిపోతుంది, ఏ సంకేతమూ రాదు. వానలు ఎగుడుదిగుడుగా పడినా వ్యత్యాసం పెరుగుతుంది, అది తప్పుడు హెచ్చరిక. అందుకే రుతువుల ప్రభావం తీసేసి లెక్కించాలి, వ్యత్యాసమూ నిన్నటితో పోలికా రెండూ కలిసి పెరిగితేనే నమ్మాలి. ఇప్పటికే గుర్రపు డెక్క కమ్మేసిన చెరువుకు ఈ లెక్క పనికిరాదు. ఇంకా తేటగా ఉన్నవాటిలోనే ఇప్పటి నుంచి రోజూ కొలవాలి.