పదిహేను నిమిషాల్లో పూర్తికాని పని: లాంబ్డా, క్యూ, డేటాబేస్‌పై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. రోజూ రాత్రి ఒక ఏపీఐ నుంచి డేటా తెచ్చి క్లౌడ్ డేటాబేస్‌లో వేసే లాంబ్డా ఫంక్షన్, అంటే సర్వర్ మనం నడపకుండా అమెజాన్ క్లౌడ్ నడిపే చిన్న ప్రోగ్రామ్ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. మేడమ్, మీకు ఎదురైన సమస్యతోనే మొదలుపెడదామా?

డేటా ఇంజినీర్: తప్పకుండా అండీ. మాది వర్షపాతం డేటా. 1,200 కేంద్రాలు, ఒక్కో కేంద్రానికి ఒక ఏపీఐ కాల్, సుమారు ఒక సెకను. రాత్రి 2 గంటలకు షెడ్యూలర్ ఫంక్షన్‌ను లేపుతుంది. కేంద్రాలు తక్కువున్నప్పుడు బాగానే నడిచింది. 1,200 అయ్యేసరికి 20 నిమిషాల పని అయింది. లాంబ్డాకు గరిష్ఠంగా దొరికేది 15 నిమిషాలే. 900వ కేంద్రం దగ్గర ఆగిపోయేది.

వ్యాఖ్యాత: ఎలా తెలిసింది?

డేటా ఇంజినీర్: లాగ్‌లో `Task timed out after 900.00 seconds` అని ఉంది. కానీ ముందు మా కంట పడింది అది కాదు, వర్షపాతం మొత్తాలు. కొన్నిచోట్ల కురిసినదానికి మూడింతలు కనిపించింది, చివరి 300 కేంద్రాలకు అసలు డేటానే లేదు.

బ్యాకెండ్ ఇంజినీర్: దానికి కారణం చెప్తాను. షెడ్యూలర్ ఫంక్షన్‌ను పిలిచేది అసింక్రనస్‌గా, అంటే జవాబు కోసం ఆగకుండా. అలా పిలిచినది విఫలమైతే, సెట్టింగ్ మార్చకపోతే, లాంబ్డా మరో రెండుసార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారీ మొదటి నుంచి. అంటే అవే 900 కేంద్రాలు మూడుసార్లు చేరాయి. టైమౌట్‌ను కోడ్‌లోని `try`, `except` పట్టుకోలేవు, ఎందుకంటే ఆగిపోయేది మొత్తం ప్రాసెస్.

వ్యాఖ్యాత: మరి ఎలా సరిచేశారు?

డేటా ఇంజినీర్: ఫంక్షన్‌ను రెండుగా విడదీశాం. మొదటిది డేటా ముట్టుకోదు. కేంద్రాల జాబితాను యాభై చొప్పున 24 ముక్కలు చేసి, ముక్కకో సందేశం ఎస్‌క్యూఎస్ అనే అమెజాన్ సందేశాల క్యూలో వేస్తుంది. కొన్ని సెకన్లలో దాని పని అయిపోతుంది. రెండోది ఒక సందేశం తీసుకుని ఆ యాభై కేంద్రాల డేటా తెస్తుంది. నిమిషం పని, టైమౌట్ ఐదు నిమిషాలు పెట్టాం.

బ్యాకెండ్ ఇంజినీర్: ఆ సందేశంలో తేదీ కూడా ఉండాలి మేడమ్. చాలామంది ఫంక్షన్ లోపల "నిన్న" అని లెక్కకడతారు. విఫలమైన ముక్క మర్నాడు మళ్లీ నడిస్తే ఆ "నిన్న" మారిపోతుంది. అడిగిన రోజు డేటా రాదు, ఎర్రర్ కూడా రాదు. నాకు అన్నిటికంటే భయం ఇలాంటి తప్పంటేనే.

డేటా ఇంజినీర్: అవునండీ, తేదీ సందేశంలోనే రాస్తున్నాం. ఇక రెండుసార్లు చేరే సమస్యకు క్యూ మందు కాదు. మామూలు ఎస్‌క్యూఎస్ క్యూ ఒకే సందేశాన్ని అప్పుడప్పుడు రెండుసార్లు ఇవ్వవచ్చు. అందుకే టేబుల్‌లో కేంద్రం, గంట కలిపి యూనిక్ కీ పెట్టాం.

```sql
INSERT INTO rain (station_id, hour_utc, mm)
VALUES ($1, $2, $3)
ON CONFLICT (station_id, hour_utc)
DO UPDATE SET mm = EXCLUDED.mm;
```

ఇప్పుడు ఒక ముక్క ఎన్నిసార్లు నడిచినా ఆ గంటకు ఒకే వరుస ఉంటుంది.

వ్యాఖ్యాత: 24 ముక్కలూ ఒకేసారి నడిస్తే పని నిమిషంలో అయిపోతుంది కదా?

బ్యాకెండ్ ఇంజినీర్: మనకు అవుతుంది, ఏపీఐ ఊరుకోదు. మరీ ఎక్కువ కాల్స్ వస్తున్నాయని 429 ఎర్రర్‌తో తిప్పి పంపేస్తుంది. క్యూకి, ఫంక్షన్‌కి మధ్య మాగ్జిమమ్ కంకరెన్సీ అనే సెట్టింగ్ ఉంది, ఒకేసారి ఎన్ని ముక్కలు నడవాలో అది చెప్తుంది, దాన్ని 2 పెట్టాలి. అంతకంటే తక్కువ అది ఒప్పుకోదు. రెండేసి చొప్పున 12 నిమిషాల్లో అన్నీ పూర్తవుతాయి. ఇక ఇక్కడ 15 నిమిషాల గొడవ లేదు, ఆ పరిమితి ఒక్కో ముక్కకే.

డేటా ఇంజినీర్: క్యూ విజిబిలిటీ టైమౌట్ కూడా చూసుకోవాలి, అంటే ఒకరు తీసుకున్న సందేశాన్ని క్యూ మిగతావాళ్లకు కనిపించకుండా దాచే సమయం. ఫంక్షన్ టైమౌట్‌కు కనీసం ఆరింతలు పెట్టమని అమెజాన్ సూచన. మాది ఐదు నిమిషాలు కాబట్టి అరగంట. ఇది మరీ తక్కువైతే, ఒక ముక్క పని నడుస్తుండగానే అదే సందేశం ఇంకొకరి చేతికి వెళ్తుంది.

బ్యాకెండ్ ఇంజినీర్: పైథాన్ `requests` వాడేవాళ్లకు ఒక మాట. టైమౌట్ ఇవ్వకపోతే అది జవాబు కోసం అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. పలకని ఒక్క కేంద్రం వల్ల మిగతా 49 ఆగిపోతాయి. `timeout=(5, 20)` అని ఇవ్వండి: కనెక్ట్ కావడానికి 5 సెకన్లు, జవాబు కోసం 20.

వ్యాఖ్యాత: అన్ని ఏపీఐలనూ ఇలా ముక్కలు చేయగలమా?

బ్యాకెండ్ ఇంజినీర్: లేదండీ. కొన్ని ఏపీఐల్లో తర్వాతి పేజీ తాళంచెవి ఈ పేజీ జవాబులోనే ఉంటుంది. ముందుగా ముక్కలు వేయలేం. అక్కడ ప్రతి పేజీ రాశాక `context.get_remaining_time_in_millis()` చూడాలి. నిమిషం కంటే తక్కువ మిగిలితే ఆ తాళంచెవిని కొత్త సందేశంలో పెట్టి క్యూలో వేసి, ఫంక్షన్ తనంతట తానే ముగించాలి. పేజీ డేటాబేస్‌లో పడ్డాకే తాళంచెవి ముందుకు కదలాలి. ఈ క్రమం తిరగబడితే మధ్యలో ఒక పేజీ పోతుంది.

వ్యాఖ్యాత: ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒక ముక్క నడవకపోతే?

డేటా ఇంజినీర్: ఐదుసార్లు విఫలమైతే, నడవని సందేశాలను పక్కన పెట్టే డెడ్ లెటర్ క్యూలోకి వెళ్తుంది, అలారం మోగుతుంది. అదొక్కటే నమ్మలేదు మేం. ముక్క పూర్తయ్యాక ఫంక్షన్ ఒక చిన్న టేబుల్‌లో తేదీ, ముక్క నంబరు రాస్తుంది. ఆ తేదీకి 24 వరుసలు లేకపోతే ఉదయం 6 గంటలకు మెసేజ్ వస్తుంది, ఏ నంబరు లేదో అందులోనే ఉంటుంది. ఆ ఒక్క ముక్కను మళ్లీ క్యూలో వేస్తాం.